తవుడు తాగే గేదె, గడ్డి మేసే పడ్డ: డెల్టా పాడిలో ఖనిజ లవణాల లెక్క

ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం దాకా, అటు కొల్లేటి లంకల దాకా, పాడి పశువు ఏడాదిలో ఎక్కువ రోజులు బతికేది వరిగడ్డి మీద. సార్వా కోత అయ్యాక వేసిన గడ్డిమేటు దాళ్వా వచ్చేదాకా ఉంటుంది. దాళ్వా గడ్డి మళ్లీ సార్వా దాకా నడిపిస్తుంది. దానికి తోడు పాలిచ్చే గేదెకు రెండు పూటలా కుడితి. అందులో రైసుమిల్లు నుంచి తెచ్చిన తవుడు, కాస్త పత్తి చెక్క గాని వేరుశనగ చెక్క గాని పడతాయి. కడుపు నిండుతుంది, పాలూ వస్తాయి. అయినా ఈనిన గేదె ఆరు నెలలు గడిచినా ఎదకు రాదు. నాలుగేళ్లు దాటిన పడ్డ ఇంకా చూడి కట్టదు. నిగనిగలాడే గేదె ఒకటి సావిట్లో కాలు జారిపడితే తొడ ఎముక విరుగుతుంది. ఈ మూడింటికీ ఒకే మాటగా ‘మినరల్ మిక్చర్ పెట్టండి’ అన్న సలహా వస్తుంది. సలహాలో తప్పు లేదు. ఏ పశువుకు ఏ ఖనిజం తక్కువైందో చూడకుండా ఇచ్చినప్పుడే అది పనిచేయదు. ఈ ప్రాంతంలో ఒకే ఇంట్లో, ఒకే పాకలో కట్టేసిన రెండు పశువులకు కూడా లోటు ఒకేలా ఉండదు. చాలామంది గమనించని విషయం ఇదే.

ముందుగా రెండు మేతల స్వభావం తెలియాలి. వరిగడ్డిలో కాల్షియం కిలోకు రెండు రెండున్నర గ్రాములు, భాస్వరం ఒక గ్రాముకు అటూ ఇటూ ఉంటాయి. ఆ ఉన్న కాల్షియంలో కొంత భాగం గడ్డిలోని ఆక్సలేట్లతో కలిసి గట్టిపడి, పశువు ఒంటికి పట్టకుండా పేడలో పోతుంది. సోడియం తక్కువ, పొటాషియం ఎక్కువ. గడ్డిలో దండిగా ఉండే సిలికా ఖనిజమే అయినా పశువుకు ఉపయోగపడదు, పైగా గడ్డి అరగడాన్ని తగ్గిస్తుంది. తవుడు ఇందుకు పూర్తిగా ఎదురు. కిలో తవుడులో భాస్వరం పద్నాలుగు గ్రాముల వరకు ఉంటుంది, కాల్షియం ఒక గ్రాము మాత్రమే. తవుడులోని భాస్వరంలో ఎక్కువ భాగం ఫైటేట్ రూపంలో ఉంటుంది. కోడికి, పందికి అది సరిగా అందదు. గేదె మొదటి పొట్టలోని సూక్ష్మజీవులు మాత్రం దాన్ని విడగొట్టి వాడుకోగలవు. కాబట్టి తవుడు తాగే గేదెకు భాస్వరం లోటు సాధారణంగా ఉండదు.

ఎనిమిది లీటర్ల పాలిచ్చే ముర్రా సంకర గేదెను తీసుకుని లెక్క వేస్తే సంగతి తేటతెల్లమవుతుంది. అది రోజుకు ఎనిమిది కిలోల వరిగడ్డి, మూడు కిలోల తవుడు, కిలోన్నర పత్తి చెక్క తింటుందనుకోవాలి. గడ్డి నుంచి ఇరవై గ్రాముల కాల్షియం వస్తుంది. తవుడు నుంచి మూడు, చెక్క నుంచి నాలుగు కలిపితే మొత్తం ఇరవై ఏడు గ్రాములు. దానికి కావలసింది దాదాపు యాభై అయిదు. ఒంటి పోషణకే పద్దెనిమిది, ఇరవై గ్రాములు పోతాయి. గేదె పాలు లీటరులో దాదాపు 1.8 గ్రాముల కాల్షియం ఉంటుంది. తిన్న కాల్షియంలో సగం కూడా ఒంటికి పట్టదు గనుక లీటరుకు నాలుగున్నర గ్రాముల చొప్పున మేతలో అందాలి. ఇక భాస్వరం సంగతి. గడ్డి నుంచి ఎనిమిది, తవుడు నుంచి నలభై రెండు, చెక్క నుంచి పదమూడు కలిపి అరవై మూడు గ్రాములు అందుతున్నాయి. కావలసింది ముప్పై అయిదు. అంటే కాల్షియం సగానికి తక్కువ, భాస్వరం దాదాపు రెట్టింపు. మేతలో కాల్షియం భాస్వరానికి ఒకటిన్నర, రెండు రెట్లు ఉండాలని పశుపోషణ శాస్త్రం చెబుతుంది. ఈ గేదె మేతలో అది సగం కూడా లేదు.

అదే పాకలో పక్కన కట్టేసిన రెండేళ్ల పడ్డకు తవుడు పెట్టరు. పాలివ్వని పశువుకు దాణా ఎందుకని వట్టి గడ్డి వేస్తారు. అయిదు కిలోల వరిగడ్డితో దానికి వచ్చే భాస్వరం నాలుగున్నర అయిదు గ్రాములు. పెరిగే వయసులో ఉన్న, రెండు వందల ఇరవై కిలోల పడ్డకు కావలసింది పన్నెండు పద్నాలుగు గ్రాములు. కాల్షియం కూడా పద్దెనిమిదికి పన్నెండే అందుతుంది. ఆ లోటు భాస్వరం లోటంత పెద్దది కాదు. ఒట్టిపోయిన గేదెలదీ, ఎండాకాలంలో కొల్లేటి పర్రల్లో ఎండిన గడ్డి మేసి తిరిగే మందలదీ ఇదే పరిస్థితి. పాలిచ్చే గేదెకు కాల్షియం, పాలివ్వనిదానికి భాస్వరం తక్కువవుతున్నాయి. ఎముకలు గుల్లబారడం రెండింటిలోనూ కనిపిస్తుంది గాని కారణం వేరు.

ఈ పరిస్థితి ఇక్కడ ఎప్పటినుంచో ఉన్నది కాదు. రెండో పంట వరి లేని రోజుల్లో సార్వా కోతకు ముందే చేలో పిల్లిపెసర, జనుము చల్లేవారు. వరి కోసేసరికి అవి మొలిచి, ఆ తేమతోనే పెరిగి పశువులకు పచ్చిమేత అయ్యేవి. ఇవి కాయజాతి మొక్కలు, కాల్షియం దండిగా ఉంటుంది. పది కిలోల పచ్చి పిల్లిపెసరలో దాదాపు ఇరవై అయిదు గ్రాముల కాల్షియం వస్తుంది. పై లెక్కలో గేదెకు పడిన లోటు దాదాపు అంతా దాంతోనే పూడేది. కాలువ నీటితో దాళ్వా విస్తరించిన చోట్ల పిల్లిపెసరకు చేలో చోటు లేకుండా పోయింది. కొల్లేటి చుట్టుపక్కల మేత భూములు చేపల చెరువులయ్యాయి. 2006లో అయిదో కాంటూరు లోపలి చెరువు గట్లను ప్రభుత్వం కొట్టించినా పాత మేతబీళ్లు మునుపటిలా తిరిగి రాలేదు. చెరువు గట్ల మీద, కాలువ పక్కల పెరిగే నీటిగడ్డి కొంత ఆదుకుంటుంది గాని కాల్షియంలో అది పిల్లిపెసరకు సాటి రాదు. పైగా చేపల మేతకు కూడా తవుడే ప్రధానం. ఆ గిరాకీతో తవుడు ధర పెరిగినప్పుడు రైతు ముందుగా కోత పెట్టేది పడ్డల వాటాకే.

కాల్షియం తక్కువైన గేదె వెంటనే చిక్కిపోదు, పాలూ తగ్గించదు. అందుకే లోటు బయటపడదు. ఒంట్లోని కాల్షియంలో 99 శాతం, భాస్వరంలో 80 శాతానికి పైగా ఎముకల్లోనే ఉంటాయి. ఎముక ఆ పశువుకు గాదె. రక్తంలో కాల్షియం కొంచెం తగ్గగానే మెడలోని పారాథైరాయిడ్ గ్రంథులు హార్మోను విడుదల చేస్తాయి. అది ఎముకను కరిగించి కాల్షియాన్ని రక్తంలోకి తెస్తుంది. పాలు అలా కొనసాగుతాయి. మేతలో భాస్వరం మితిమీరి, కాల్షియం చాలకపోతే ఈ గ్రంథులు నెలల తరబడి ఊరుకోకుండా పనిచేస్తాయి. ఎముకలో సున్నం తగ్గుతూ ఆ చోటును మెత్తని పీచు కణజాలం ఆక్రమిస్తుంది. పూర్వం యూరప్‌లో పిండిమిల్లుల యజమానులు తమ గుర్రాలకు పొట్టు, తవుడు విస్తారంగా పెట్టేవారు. వాటికి దవడ ఎముకలు ఉబ్బి, కాళ్లు కుంటుపడే జబ్బు వచ్చేది. దానికి తవుడు జబ్బు అనే పేరే స్థిరపడింది. గేదెలో దవడ అంతగా ఉబ్బదు, లోపల జరిగేది మాత్రం అదే.

బయటికి కనిపించే గుర్తులు నెమ్మదిగా వస్తాయి. పడుకున్న గేదె లేవడానికి తటపటాయిస్తుంది. లేచాక వీపు విల్లులా వంచి, కొంతసేపు కాళ్లు మార్చి మార్చి నిలబడుతుంది. ఈ రోజు ముందు కాలు, వారం తరవాత వెనక కాలు కుంటుతుంది. గిట్టల్లో పుండు కనిపించదు, కీలు వెచ్చగా ఉండదు. నడిచేటప్పుడు కీళ్లలో టకటక చప్పుడు వినిపిస్తుంది. సిమెంటు గచ్చు మీద జారినప్పుడు విరిగే తుంటి, తొడ ఎముకలను జారుడు వల్ల కలిగిన ప్రమాదంగానే లెక్కిస్తారు. చాలాసార్లు అసలు కారణం అప్పటికి ఏడాదిగా ఎముక పలచబడుతూ రావడమే. దూడల్లో ఇదే లోటు రికెట్స్‌గా కనిపిస్తుంది. మోకాళ్ల దగ్గర కీళ్లు లావెక్కి, ముందుకాళ్లు బయటికో లోపలికో వంగుతాయి.

ఈనిన తొలి రెండు మూడు రోజుల్లో వచ్చే పాల జ్వరం కూడా కాల్షియానికి సంబంధించినదే. పేరులో జ్వరం ఉన్నా ఒళ్లు చల్లబడుతుంది. గేదె కూలబడి, తలను పక్కకు డొక్కకు ఆనించి పడుకుంటుంది. గంటల్లో విషమించే స్థితి అది. డాక్టరు సిరలోకి కాల్షియం ఎక్కిస్తే చాలావరకు గంటలోపే లేస్తుంది. ఇక్కడ అపోహ ఒకటి ఉంది. పాల జ్వరం రాకుండా చూడి చివరి నెలలో సుద్దపొడి ధారాళంగా పెట్టాలనుకుంటారు. నిజానికి అప్పుడు కాల్షియం అతిగా అందితే పారాథైరాయిడ్ గ్రంథులకు పని లేకుండా పోతుంది. ఈనిన రోజున ఒక్కసారిగా పాలలోకి కాల్షియం పోతున్నప్పుడు ఎముక నుంచి తెచ్చుకునే ఏర్పాటు అప్పటికి సిద్ధంగా ఉండదు. కాబట్టి ఈనడానికి ముందు మూడు వారాలు మామూలు మోతాదు మినరల్ మిక్చర్ తప్ప అదనపు సుద్ద ఇవ్వకూడదు. ఈనిన రోజు నుంచి పెంచాలి.

భాస్వరం లోటు సంతాన శక్తిని దెబ్బతీసే తీరు వేరు. భాస్వరం లేనిదే మొదటి పొట్టలో సూక్ష్మజీవులు పెరగవు. అవి తగ్గితే గడ్డి సరిగా అరగదు, ఆకలి మందగిస్తుంది. పశువు తినేది తగ్గుతుంది, తిన్నదాంట్లో నుంచి వచ్చే శక్తీ తగ్గుతుంది. అలాంటప్పుడు శరీరం ముందుగా వదులుకునేది సంతానాన్నే. అండాశయాన్ని కదిలించే హార్మోన్ల సంకేతాలు మెదడు నుంచి బలహీనపడతాయి. అండాలు పూర్తిగా పెరగకుండానే ఆగిపోతాయి. పడ్డ ఎదకు రావడం ఆలస్యమవుతుంది. ఈనిన గేదె తిరిగి ఎదకు రాదు, వచ్చినా గేదెల్లో సహజంగానే ఎక్కువగా ఉండే మూగ ఎద మరింత మసకబారుతుంది.

దీన్ని మొదట పక్కాగా నిరూపించినది దక్షిణాఫ్రికాలో వ్రైబర్గ్ దగ్గరి ఆర్మూడ్స్‌ఫ్లాక్టె అనే పశుక్షేత్రం. గత శతాబ్దం రెండో, మూడో దశకాల్లో ఆర్నాల్డ్ థీలర్ బృందం అక్కడ పరిశోధన చేసింది. ఆ పచ్చిక బయళ్లలో భాస్వరం దాదాపు లేదు. ఆవులు ఆ కొరతతో పొలంలో పడి ఉన్న పాత ఎముకలను నమిలేవి. వాటిలోని బొటులిజం విషంతో కాళ్లు చచ్చుబడి చనిపోయేవి. ఎముకల పొడి తినిపించిన మందలో ఎముకలు నమలడం ఆగింది, చావులు ఆగాయి. అంతటితో అయిపోలేదు. ఎముకల పొడి తిన్న ఆవుల్లో వందకు ఎనభై ఈనాయి, తినని వాటిలో యాభై ఒకటి మాత్రమే ఈనాయి. జబ్బు కోసం మొదలైన పని సంతానోత్పత్తి లెక్క తేల్చింది. కొల్లేటి గట్ల మీద పశువు ఎముకముక్కో, గుడ్డముక్కో, ప్లాస్టిక్ సంచో నమలడం కనిపిస్తే అది చిలిపితనం అనుకోకూడదు. భాస్వరం గాని, ఉప్పు గాని, కొన్నిసార్లు రెండూ గాని తక్కువయ్యాయని అనుమానించాలి. నట్టల మందు వేసి ఎన్నాళ్లయిందో కూడా చూడాలి.

భాస్వరం మరీ పడిపోతే గేదెల్లో ఎర్రమూత్రం వస్తుంది. చూడి చివరి నెలల్లో గాని, ఈనిన నెల లోపు గాని మూత్రం కాఫీ రంగులోకి మారుతుంది. ఎర్ర రక్తకణాలు తమ గోడలను నిలబెట్టుకోలేక పగిలిపోవడం దానికి కారణం. పిడుదుల వల్ల వచ్చే బబీసియా జ్వరంలోనూ మూత్రం ఎర్రబడుతుంది. అయితే అందులో ఒళ్లు కాలిపోతుంది, భాస్వరం లోటులో జ్వరం ఉండదు. తేడాను తేల్చి, సోడియం యాసిడ్ ఫాస్ఫేట్ సిరలోకి ఎక్కించవలసింది పశువైద్యుడే. ఇంటి వైద్యంతో గడిపిన ఒకటి రెండు రోజుల్లో గేదె రక్తం అడుగంటుతుంది.

సూక్ష్మ ఖనిజాల్లో ఈ నేలకు ముఖ్యమైనవి జింకు, రాగి. వరి రైతుకు జింకు లోపం కొత్త కాదు. దమ్ములో ఎకరాకు 20 కిలోల జింక్ సల్ఫేట్ వేయమని వ్యవసాయ శాఖ చెప్పేది ఆ కారణం చేతనే. నెలల తరబడి నీరు నిలిచిన చేలో జింకు మొక్కకు అందని రూపంలోకి పోతుంది. చేలో లేనిది గడ్డిలోకి, గడ్డిలో లేనిది గేదెలోకి రాదు. జింకు తక్కువైతే ఈనిన తరవాత గర్భసంచి శుభ్రపడడం ఆలస్యమవుతుంది, గిట్టలు మెత్తబడతాయి, చర్మం గరుకవుతుంది. మురుగు నేలల్లో రాగికి మరో చిక్కు ఉంది. అక్కడ మాలిబ్డినం, ఇనుము ఎక్కువగా కరుగుతాయి. మేతలో రాగి ఉన్నా పొట్టలో మాలిబ్డినం, గంధకం దాన్ని కట్టిపడేస్తాయి. నల్లటి గేదె వెంట్రుక తుప్పు రంగుకు తిరగడం, కంటి చుట్టూ రంగు వెలిసిపోవడం రాగి లోపానికి గుర్తులు. కట్టించిన గేదె మూడు వారాలకోసారి తిరగపొర్లుతూ ఉంటే, గర్భసంచిలో చీము లేదని తేలాక ఈ రెంటినీ గుర్తు చేసుకోవాలి. మేతలో కాల్షియం ఒక్కటే పెంచుకుంటూ పోతే జింకు ఒంటికి పట్టడం మరింత తగ్గుతుంది. పాల కోసం సుద్ద పెడుతూ మినరల్ మిక్చర్ మానేసిన ఇళ్లలో ఒక లోటు పూడ్చబోయి ఇంకో లోటు పెంచుతున్నారు.

ఉప్పు సంగతి వీటన్నిటికంటే సులువు, ఖర్చూ తక్కువ. అయినా మరిచిపోయేది దాన్నే. కాల్షియంలా సోడియాన్ని పశువు నెలలకు సరిపడా దాచుకోలేదు, రోజూ అందాలి. ఎనిమిది లీటర్ల గేదెకు రోజుకు 12, 13 గ్రాముల సోడియం కావాలి. ముప్పై గ్రాముల ఉప్పులో దాదాపు 12 గ్రాములు ఉంటుంది. నెమరువేసే పశువు రోజుకు పదుల లీటర్ల లాలాజలాన్ని మింగుతుంది. మొదటి పొట్ట పులిసిపోకుండా కాపాడేది ఆ లాలాజలంలోని సోడియమే. అది తగ్గితే ఆకలి పోతుంది, పాలు తగ్గుతాయి. గేదె గోడలు, పక్క గేదె ఒళ్లు నాకుతుంది, మూత్రం తాగడానికి ఎగబడుతుంది. కుడితిలో రోజుకు ముప్పై గ్రాములు, అంటే చిన్న గుప్పెడు అయొడైజ్డ్ ఉప్పు కలిపితే సోడియంతో పాటు అయొడిన్ కూడా అందుతుంది. దూడలకు అయిదు పది గ్రాములు చాలు.

అయితే ఏలూరు మెట్టలో చెప్పే మాట కొల్లేటి దిగువన యథాతథంగా చెల్లదు. ఉప్పుటేరు గుండా వేసవిలో సముద్రపు నీరు ఎగదన్నే ఆకివీడు వైపు, రొయ్యల చెరువుల పక్కన ఉన్న గ్రామాల్లో బోరు నీరే ఉప్పగా ఉంటుంది. అక్కడి పశువు తాగే నీళ్లలోనే సోడియం చాలినంత వస్తుంది. నాలుకకు స్పష్టంగా ఉప్పదనం తెలిసే నీళ్లు తాగే గేదెకు కుడితిలో ఉప్పు మానేయడమే మంచిది. చూడి చివరి రెండు మూడు వారాల్లో ఎక్కడైనా ఉప్పు సగానికి తగ్గించాలి, లేకుంటే పొదుగు నీరు పట్టి గట్టిపడుతుంది. ఉప్పు పెట్టిన పశువుకు నీళ్లు ఆగకూడదు. దాహంతో ఉన్న పశువు ఉప్పు ఎక్కువ తింటే నరాలకు దెబ్బ తగిలి తూలిపడుతుంది.

సంచి కొనేటప్పుడు ఈ తేడా అక్కరకు వస్తుంది. భారతీయ ప్రమాణాల సంస్థ పశువుల ఖనిజ మిశ్రమానికి ఇచ్చిన ఐఎస్ 1664 ప్రమాణంలో రెండు రకాలున్నాయి. ఒకటి ఉప్పు కలిపినది, రెండోది కలపనిది. ఉప్పు నీళ్ల గ్రామాలకు రెండోదే తగినది. అందులో కాల్షియం కనీసం 20 శాతం, భాస్వరం 12 శాతం, జింకు 0.8 శాతం ఉండాలి. ఫ్లోరిన్ 0.07 శాతం మించకూడదు. ఈ చివరి నిబంధన చిన్నదిగా కనిపిస్తుంది గాని చాలా ముఖ్యం. శుద్ధి చేయని రాక్ ఫాస్ఫేట్‌తో చౌకగా తయారుచేసిన మిశ్రమంలో ఫ్లోరిన్ ఎక్కువగా ఉంటుంది. దాన్ని ఏళ్ల తరబడి పెడితే బలపడాల్సిన ఎముకే ఫ్లోరోసిస్‌తో పెళుసెక్కుతుంది. భాస్వరానికి ప్రధాన మూలం డైకాల్షియం ఫాస్ఫేట్. దాని ధరే మిశ్రమం ధరను నిర్ణయిస్తుంది. మరీ చౌక సంచుల్లో దాని బదులు సుద్దపొడి ఎక్కువ పడుతుంది. చెంచాడు పొడి మీద నిమ్మరసం పిండితే కొద్దిగా నురగ రావడం సహజమే, కొంత సుద్ద మంచి మిశ్రమంలోనూ ఉంటుంది. సోడాబుడ్డి విప్పినట్టు పొంగిపోతే అందులో సుద్ద తప్ప పెద్దగా ఏమీ లేదని అనుకోవచ్చు. ప్రాంతాన్ని బట్టి లోటు మారుతుంది గనుక బెంగళూరులోని జాతీయ పశుపోషణ సంస్థ, ఆనంద్‌లోని జాతీయ పాడి అభివృద్ధి మండలి నేల, మేత, రక్త నమూనాలు పరీక్షించి ప్రాంతానికి తగిన మిశ్రమాలు రూపొందించాయి. అలాంటిది దొరికితే అన్ని ప్రాంతాలకూ ఒకటే అని అమ్మేదానికంటే అదే మేలు.

ఇప్పుడు పై రెండు పశువుల లెక్కలోకి మిశ్రమాన్ని తెచ్చి చూడాలి. సంచి మీద సాధారణంగా రోజుకు 50 గ్రాములని రాసి ఉంటుంది. మన పాడి గేదెకు అది ఇచ్చేది పది గ్రాముల కాల్షియం. లోటు ఇరవై ఎనిమిది. కాబట్టి పాలు బాగా ఉన్న నెలల్లో 100 గ్రాములిచ్చి, దానికి తోడు మెత్తటి పశుదాణా సుద్ద 30 గ్రాములు కలిపితే లెక్క సరిపోతుంది. లేదా సుద్ద అవసరం లేకుండా పది కిలోల పిల్లిపెసరో, జనుమో పెట్టి మిశ్రమాన్ని 50 గ్రాముల దగ్గరే ఉంచవచ్చు. ఖర్చులో రెండోదే మెరుగు. తాడేపల్లిగూడెం మెట్ట అంచు పల్లెల్లో, ఒకే పంట పండే కొల్లేటి ఎగువ చేలలో అది ఇప్పటికీ సాధ్యమే. అరెకరంలో చల్లినా రెండు మూడు గేదెలకు రెండు నెలలు వస్తుంది.

పడ్డకు మందు వేరు. 30 గ్రాముల మిశ్రమం నుంచి దానికి మూడున్నర గ్రాముల భాస్వరం వస్తుంది, అది చాలదు. అరకిలో తవుడు కలిపితే మరో ఏడు గ్రాములు చేరి, గడ్డిలోని దానితో కలిపి పదిహేనుకు చేరుతుంది. కాల్షియం కూడా మిశ్రమంతో పద్దెనిమిదికి వస్తుంది. పాలిచ్చే గేదెకు కాల్షియాన్ని దెబ్బతీస్తున్న అదే తవుడు పడ్డకు చవకైన భాస్వరం. తవుడు ధర పెరిగినప్పుడు పడ్డ వాటా తీసేయడం కన్నా గేదె వాటాలో అరకిలో తగ్గించి పడ్డకు ఇవ్వడం రెండింటికీ మంచిది. గేదె దాణాలో తగ్గిన బలాన్ని చెక్కతో సరిచేసుకోవచ్చు.

పెట్టే పద్ధతిలో జరిగే తప్పు ఒకటే, మధ్యలో ఆపేయడం. కిలో ప్యాకెట్టు రోజుకు 50 గ్రాముల చొప్పున ఇరవై రోజులకు అయిపోతుంది. ఎదకు రాలేదని రైతు మళ్లీ కొనడు. అండాశయంలో ఒక అండం చిన్న దశ నుంచి విడుదల దాకా పెరగడానికి రెండు మూడు నెలలు పడుతుంది. లోటులో మొదలైన అండాల మీద ఇరవై రోజుల మిశ్రమం ప్రభావం కనిపించదు. మూడు నెలలు ఆగకుండా ఇచ్చాకే ఫలితం బేరీజు వేయాలి. ఎముకలు కోలుకోవడానికి ఇంకా ఎక్కువ కాలం కావాలి. గేదెలు ఎక్కువగా ఎదకు వచ్చేది చలికాలంలో. కాబట్టి ఆ ఏడు చూడి కట్టవలసిన పశువుకు ఆషాఢం, శ్రావణం నాటికే మొదలుపెట్టాలి. ఎండల్లో వట్టి గడ్డి మీద గడిపి, కార్తీకంలో ఎద కోసం ఎదురు చూస్తే ఆ చలికాలం వృథా అవుతుంది.

అన్నింటికీ ఖనిజాలే కారణం అనుకుంటే మరో పొరపాటు జరుగుతుంది. కొల్లేటి నీటి అంచుల్లో మేసే పశువుల్లో కార్జపు జలగలు ఎక్కువ. నత్తల ద్వారా వచ్చే ఈ జలగలు కాలేయాన్ని తొలిచి, రాగిని దాచుకునే శక్తినే తీసేస్తాయి. దవడ కింద నీరు దిగడం, పలచగా విరోచనాలు కావడం, కంటి లోపలి రెప్ప తెల్లబడడం కనిపిస్తే ముందు పేడ పరీక్ష, జలగ మందు, ఆ తరవాతే మిశ్రమం. డొక్కలు ఎండిన పశువుకు కావలసింది తిండి, ఖనిజం కాదు. మూగ ఎద వచ్చిపోతుంటే రైతు చూడకపోవడాన్ని ఏ మిశ్రమమూ సరిచేయలేదు, తెల్లవారుజామున, రాత్రి పొద్దుపోయాక ఒకసారి తీగను చూడాలి. ఈనిన తరవాత చీము పడుతూ ఉంటే అది గర్భసంచి వ్యాధి.

రక్త పరీక్ష గురించి కూడా ఒక మాట తెలిసి ఉండాలి. ఎముక గుల్లబారుతున్న గేదె రక్తంలోనూ కాల్షియం చాలాసార్లు మామూలుగానే వస్తుంది, ఎముకను కరిగించి శరీరం దాన్ని నిలబెడుతుంది గనుక. నివేదికలో కాల్షియం బాగుందని చూసి మేత సరిపోతోందనుకోకూడదు. భాస్వరం అలా కాదు. 100 మిల్లీలీటర్ల సీరంలో నాలుగు మిల్లీగ్రాములకు బాగా దిగువన ఉంటే మేతలో లోటు ఉన్నట్టే. కాల్షియం సంగతి తేల్చుకోవాలంటే రక్తంతో పాటు పశువు రోజూ తినే గడ్డి, తవుడు, చెక్క ఎన్నెన్ని కిలోలో తూచి, పైన చేసినట్టు కాగితం మీద కూడిక వేయాలి.